క్యూఆర్ కోడ్‌ను చేత్తో చదవడం – 4వ భాగం: స్టిక్కర్ అడ్డం పడినా కోడ్ ఎలా చదువుకుంటుంది

పోయిన భాగంలో ఒక లెక్క ఇచ్చాను: 33 గడుల కోడ్‌లో సమాచారానికి ఎన్ని బైట్లు మిగులుతాయి? దాని జవాబుతో మొదలుపెడదాం. అడ్డంగా 33, నిలువుగా 33 గడులున్న కోడ్‌లో మొత్తం 1089 గడులు. వాటిలోంచి మూడు మూలల్లో కళ్ళలా కనిపించే పెద్ద చదరాలు, ఆ కళ్ళను ఆనుకుని ఉండే తెల్ల గీత, కుడివైపు కింద ఉండే చిన్న చదరం, నలుపు తెలుపు మారుతూ వెళ్ళే కొలత గీతలు, కోడ్‌ను ఎలా చదవాలో చెప్పే ఫార్మాట్ గడులు తీసేస్తే సమాచారానికి మిగిలేవి 807. ఎనిమిది గడులకు ఒక బైట్ చొప్పున సరిగ్గా 100 బైట్లు వస్తాయి, ఏడు గడులు మిగిలిపోతాయి. ఈ 100 అనే సంఖ్యను గుర్తుపెట్టుకోండి, ఈ భాగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ పాఠం రాయాలని కూర్చున్న వారంలోనే విశాఖలో ఆర్కే బీచ్ మీద ఒక సంగతి జరిగింది. సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక ఒక ముంత మసాలా బండి ఉంటుంది. ఆ బండి నడిపే ఆవిడను నేను పిన్నీ అని పిలుస్తాను. డబ్బులు కట్టడానికి నేను ఫోన్ తీయగానే, "ఏటో బాబూ, నిన్నట్నుంచీ ఇదే గొడవ. ఒకలికి పడతంది, ఒకలికి పడట్లేదు. ఈ రేటు కాయితం అంటించడం వల్లేనేటి? పీకెయ్యమంటావా?" అని అడిగింది.

కోడ్ మీద కుడివైపు బొటనవేలంత రేటు కాగితం ఉంది. నిమ్మకాయలు కోసే చాకు తగిలి పడిన గీతలు రెండు మూడు ఉన్నాయి. ఇవి కాక, సముద్రపు గాలికి బోర్డు ఎగిరిపోకుండా నల్లటి సైకిల్ ట్యూబు ముక్కతో దాన్ని బండి కమ్మీకి కట్టేసింది. ఆ ట్యూబు ఎడమవైపు కింద ఉన్న కంటి మీదుగా వెళ్తోంది. చూసేవాళ్ళెవరైనా కాగితాన్నే అనుమానిస్తారు, ఎందుకంటే అదే ఎక్కువ చోటు కప్పింది. నేను కాగితాన్ని ముట్టుకోకుండా ట్యూబును కాస్త పక్కకి జరిపాను. ఆ తర్వాత ఆ పూట అక్కడ నిలబడిన అందరి ఫోన్లలోనూ పడింది.

కాగితం ఎందుకు అడ్డు కాలేదు, ట్యూబు ఎందుకు అయింది? ముందు కాగితం సంగతి చూద్దాం, అసలు విద్య అక్కడే ఉంది.

ఒక చిన్న ఆట ఆడదాం. మీరు నాకు 4, 7 అనే రెండు అంకెలు పంపాలి. దారిలో ఏదైనా చెడిపోవచ్చు. అదే అంకెలను మళ్ళీ పంపితే సరిపోతుందిగా అనిపిస్తుంది. కానీ రెండు కాపీల్లో తేడా వస్తే ఏది నిజమో నాకెలా తెలుస్తుంది? అందుకని ఇలా చేద్దాం. 4ను ఒకటో స్థానంలో, 7ను రెండో స్థానంలో పెట్టి, ఆ రెండు చుక్కల మీదుగా స్కేలుతో తిన్నని గీత గీయండి. ఆ గీతను పొడిగిస్తే మూడో స్థానంలో 10, నాలుగో స్థానంలో 13 వస్తాయి. ఈ రెండూ అదనం. మీరు నాకు 4, 7, 10, 13 పంపుతారు.

దారిలో రెండోది చెడి నాకు 4, 12, 10, 13 అందాయనుకోండి. చుక్కలు పెట్టి చూస్తాను. 4, 10, 13 ఒకే గీత మీద ఉన్నాయి, 12 మాత్రం గీత తప్పింది. మిగతా ఏ మూడింటిని కలిపి చూసినా తిన్నని గీత రాదు. కాబట్టి చెడింది రెండోదే. గీత మీద ఆ చోట ఉండాల్సింది 7. తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాను, సరిదిద్దాను కూడా.

ఇందులో ఒక లెక్క దాగి ఉంది. నేను కనిపెట్టాల్సినవి రెండు: తప్పు ఎక్కడుంది, అసలు విలువ ఎంత. అందుకే ఒక తప్పును దిద్దడానికి రెండు అదనపు అంకెలు కావాలి. ఎక్కడుందో ముందే తెలిస్తే, అంటే రెండు, మూడు స్థానాలు చిరిగిపోయాయని నాకు కళ్ళకు కనిపిస్తుంటే, మిగిలిన 4, 13 మీదుగా గీత గీసి 7, 10 రెండింటినీ రాబట్టగలను. అప్పుడు ఒక్కో నష్టానికి ఒక్క అదనపు అంకె చాలు. కానీ ఫోన్‌కు ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు. కెమెరా బొమ్మను నలుపు తెలుపులుగా మార్చేశాక రేటు కాగితం కూడా దానికి మామూలు తెల్ల గడుల్లాగే కనిపిస్తుంది. అక్కడ ఏదో అంటించారన్న సంగతి దానికి తెలియదు. అందుకని ప్రతి తప్పుకూ రెండేసి ఖర్చు పెట్టక తప్పదు.

హద్దు దాటితే ఏమవుతుందో కూడా చూడాలి. రెండు అంకెలు చెడి 4, 12, 20, 13 అందాయనుకోండి. ఇప్పుడు 4, 12, 20 చక్కగా ఒక గీత మీద కూర్చున్నాయి! నేను ధీమాగా 13ను తప్పు అనుకుని 28గా మార్చేస్తాను. ఇది నేను కావాలని ఏరి తెచ్చిన ఉదాహరణే అయినా, దిద్దుబాటుకు ఒక మోతాదు ఉంటుందని, అది దాటితే దిద్దుబాటే తప్పు దారి పట్టవచ్చని ఇక్కడే అర్థమవుతుంది.

క్యూఆర్ కోడ్‌లో జరిగేది ఇదే ఆట, కాస్త పెద్ద ఎత్తున. రెండు అంకెల బదులు పదుల కొద్దీ బైట్లు, తిన్నని గీత బదులు వంపులు తిరిగే గీత. దీన్ని ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1960లో ప్రచురించారు, అందుకే రీడ్–సోలమన్ కోడ్ అంటారు. మన ఆటలో అంకెలు 10, 13, 16 అంటూ పెరిగిపోతాయి, కానీ బైట్‌లో 255 దాటి పట్టదు. అందుకని కూడినా గుణించినా జవాబు మళ్ళీ 0 నుంచి 255 లోపే ఉండే ఒక ప్రత్యేకమైన అంకగణితం వాడతారు. అదనపు బైట్లను గీత పొడిగించి కాకుండా ఒక భాగహారంలో వచ్చే శేషంగా తీస్తారు. లెక్క రాసే తీరు వేరైనా దాని బలం ఇదే, రెండు అదనపు బైట్లకు ఒక తప్పు.

ఇప్పుడు నిజమైన కోడ్ ఒకటి తీసుకుందాం. చెల్లింపు కోడ్‌లో ఉండేది ఇలాంటి ఒక వరుస. చిరునామా నేను పాఠం కోసం కల్పించింది, దీనికి డబ్బు పంపకండి.

```
upi://pay?pa=tiffinkottu@bank&pn=Tiffin%20Kottu&cu=INR
```

లెక్కపెడితే 54 అక్షరాలు, అంటే 54 బైట్లు. వీటికి ముందు "ఇవి బైట్లు" అని చెప్పే 4 గడులు, ఎన్ని అక్షరాలో చెప్పే 8 గడులు, చివర ముగింపుగా 4 గడులు. ఇవన్నీ కలిపి ఇంకో 2 బైట్లు. మొత్తం 56. మధ్యస్థమైన రక్షణను M అంటారు. 33 గడుల కోడ్‌కు M ఎంచుకుంటే వంద బైట్లలో 64 సమాచారానికి, 36 అదనానికి పోతాయి. మనవి 56 కాబట్టి మిగిలిన 8 చోట్ల ఉత్త నింపుడు బైట్లు కూర్చుంటాయి.

64ను ఒకే ముద్దగా ఉంచరు, రెండు గుంపులు చేస్తారు. ఒక్కో గుంపులో 32 సమాచార బైట్లు, వాటికి 18 అదనపు బైట్లు. 18లో సగం 9. అంటే ఒక్కో గుంపు 9 చెడిన బైట్లను తట్టుకుంటుంది, పదోది చెడితే ఆ గుంపు పోయినట్టే. పై వరుసలో చిరునామా మొత్తం, `pn` ముందున్న `&` గుర్తు దాకా, మొదటి గుంపులోకి వస్తుంది. పేరు, రూపాయి గుర్తింపు రెండో గుంపులోకి వెళ్తాయి.

మరి చిరునామా ఉన్న చోటే రేటు కాగితం పడితే? ఇక్కడ చేసిన ఏర్పాటు నాకు చాలా ఇష్టం. బైట్లను కాగితం మీద పేర్చేటప్పుడు మొదటి గుంపులోంచి ఒకటి, రెండో గుంపులోంచి ఒకటి, మళ్ళీ మొదటిలోంచి ఒకటి, ఇలా పేకముక్కలు కలిపినట్టు కలుపుతారు. ఒకచోట పడిన దెబ్బ రెండు గుంపులకూ సగం సగం పంచుకుంటుంది. ఏ ఒక్కదాని మీదా మొత్తం బరువు పడదు.

దీన్ని గడుల మీద లెక్కపెట్టి చూద్దాం. రెండో భాగంలో నేర్చుకున్నాం కదా, చదవడం కుడివైపు కింది మూలలో మొదలై, రెండేసి నిలువు వరుసలుగా పైకి వెళ్ళి, పక్కనే కిందికి దిగి, మళ్ళీ పైకి వెళ్తుంది. కుడి పై కన్ను, దాని కింది ఫార్మాట్ గడులు పోగా ఆ వైపు నిలువు వరుసలో 24 గడులు సమాచారానివి. రెండు వరుసలు కలిస్తే 48, అంటే ఆరు బైట్లు. ప్రతి బైటూ రెండు గడుల వెడల్పు, నాలుగు గడుల ఎత్తు ఉన్న ఇటుక.

కుడి చివరి నాలుగు నిలువు వరుసలను, కంటికి కింద నుంచి అడుగు దాకా, తెల్ల కాగితంతో కప్పేశామనుకోండి. పోయినవి 12 బైట్లు, గుంపుకు ఆరు. హద్దు తొమ్మిది కాబట్టి కోడ్ నిక్షేపంగా చదువుకుంటుంది.

ఆరు వరుసలు కప్పితే? తర్వాతి రెండు వరుసల్లో చిన్న చదరం ఐదు గడుల ఎత్తు తినేస్తుంది, కాబట్టి అక్కడ మిగిలేవి 38 గడులు. ఐదో బైట్ సగంలో ఆగి పక్క వరుసలోకి పోతుంది, దాన్నీ చెడినట్టే లెక్కపెట్టాలి. మొత్తం 17 బైట్లు. మొదటి గుంపుకు 9, రెండో గుంపుకు 8. సరిగ్గా అంచు మీద నిలబడింది! లెక్క ప్రకారం చదవాలి. కాకపోతే చిన్న చదరంలో కొంత భాగం కూడా కాగితం కిందికి పోయింది కాబట్టి, గడుల స్థానాలు సరిచూసుకోవడానికి దాని మీద ఆధారపడే యాప్‌లు ఇక్కడ తడబడవచ్చు.

ఎనిమిది వరుసలు కప్పితే 22 బైట్లు, గుంపుకు 11. ఇక చదవదు. చిరునామా సగం వచ్చి సగం రాకపోవడం లాంటిది కూడా ఉండదు. ఏ ఒక్క గుంపు దిద్దుబాటుకు లొంగకపోయినా యాప్ మొత్తం చదువును పక్కన పడేస్తుంది. గీత పడిన కోడ్ వల్ల డబ్బు వేరేవాళ్ళకు పోతుందేమో అని టెన్షన్ పడేవాళ్ళు నాకు చాలామంది తారసపడ్డారు. ఇందాకటి 28 లాంటి పొరపాటు ఇక్కడా జరగొచ్చు గానీ, తొమ్మిది తప్పులు దిద్దే గుంపు హద్దు దాటి చెడినప్పుడు అది పొరపాటున మరో "సరైన" రూపంలోకి ఒదిగిపోయే అవకాశం మూడున్నర లక్షల్లో ఒకటి కంటే కూడా తక్కువ. ఒదిగినా దాదాపు ఎప్పుడూ వచ్చేది అర్థంలేని అక్షరాల గుంపే తప్ప ఇంకొకరి చిరునామా కాదు.

చాకు గీతల సంగతి వేరు. బైట్‌లో ఒక్క గడి తిరగబడినా బైట్ మొత్తం చెడినట్టే, ఎనిమిది గడులూ పోయినా అంతే. అందుకే ఒకచోట ముద్దగా పడిన మరక కంటే సన్నగా పొడుగ్గా సాగిన గీత ఎక్కువ బైట్లను తాకుతుంది. ఇటుక వెడల్పు రెండు, ఎత్తు నాలుగు కాబట్టి గీత దిశ కూడా ముఖ్యం. ఒక గడి మందం, 24 గడుల పొడవున్న గీత కుడి అంచున నిలువుగా పడితే ఆరు బైట్లను తాకుతుంది. అదే గీత అడ్డంగా పడితే పన్నెండింటిని. తాకినవన్నీ చెడవు, తెల్ల గీత అప్పటికే తెల్లగా ఉన్న గడిని ఏమీ చేయలేదు. పిన్ని బోర్డు మీది గీతలు గడి మందంలో మూడోవంతు కూడా లేవు. చదివే యాప్‌లు చాలావరకు గడి నడిమధ్య రంగునే చూస్తాయి కాబట్టి అంత సన్నని గీతలు లెక్కలోకే రాకపోవచ్చు.

ఇక ట్యూబు సంగతి. పైన చెప్పిన రక్షణ అంతా 100 బైట్లకే. కళ్ళకు అది వర్తించదు. ఫోన్ ముందు చేసే పని బొమ్మలో కళ్ళను వెతకడం. కంటి మధ్యగా అడ్డంగా ఒక గీత లాగితే నలుపు ఒకటి, తెలుపు ఒకటి, నలుపు మూడు, తెలుపు ఒకటి, నలుపు ఒకటి అనే కొలతలు వస్తాయి. ఏ కోణంలో చూసినా ఈ నిష్పత్తి అలాగే ఉంటుంది. మామూలు అచ్చు కాగితాల మీద చాలా అరుదుగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. నల్ల ట్యూబు కంటి పక్కనున్న తెల్ల భాగాన్ని కప్పేస్తే నిష్పత్తి చెదురుతుంది. కన్ను దొరక్కపోతే కోడ్ ఎక్కడుందో తెలియదు, ఎక్కడుందో తెలియకపోతే బైట్ల దాకా వెళ్ళేదే లేదు. వంద బైట్లూ శుభ్రంగా ఉన్నా ప్రయోజనం ఉండదు.

ఒకరికి పడి ఒకరికి పడకపోవడానికి కారణం కూడా ఇదే. ట్యూబు కంటిని పూర్తిగా కప్పలేదు. కొన్ని ఎత్తుల్లో నిష్పత్తి ఇంకా సరిగ్గానే ఉంది. కంటిని వెతికే పద్ధతి ఒక్కో యాప్‌లో ఒక్కోలా ఉంటుంది, ఫోన్ పట్టుకునే కోణం కూడా మారుతుంది. ఇది గుర్తుపెట్టుకుంటే లోపం పట్టుకోవడం తేలిక. ఫోన్‌ను బట్టి, కోణాన్ని బట్టి ఫలితం మారుతుంటే ముందు కళ్ళనూ, కోడ్ చుట్టూ ఉండాల్సిన నాలుగు గడుల తెల్ల అంచునూ చూడండి. ఏ ఫోన్‌తో, ఎంత తిన్నగా పట్టినా అసలు పడకపోతే చాలా బైట్లు పోయాయేమోనని అనుమానించండి.

ఫార్మాట్ గడులకు మాత్రం వేరే ఏర్పాటు ఉంది. రక్షణ స్థాయి ఏది, కొన్ని గడుల నలుపు తెలుపులను తారుమారు చేసే ముసుగుల్లో ఏది వేశారు అని చెప్పే 15 గడులను కోడ్‌లో రెండు చోట్ల రాస్తారు. ఒక్కో కాపీ తనంతట తాను మూడు తప్పుల దాకా దిద్దుకోగలదు. కాబట్టి వాటి దగ్గర చిన్న మరక పడినా కంగారు లేదు.

1994లో జపాన్‌లో డెన్సో సంస్థలో ఈ కోడ్ తయారైంది కార్ల విడిభాగాలను గుర్తించడానికి. ఫ్యాక్టరీలో జిడ్డు చేతులు తగులుతాయి, మరకలు పడతాయి. మసాలా బండి మీది నూనె చేతులకు అది తట్టుకోవడంలో వింతేమీ లేదు.

అలాగని ఎప్పుడూ గరిష్ఠ రక్షణే పెట్టించుకోమని నేను చెప్పను. L, M, Q, H అని నాలుగు స్థాయిలు. అవి సుమారుగా 7, 15, 25, 30 శాతం నష్టాన్ని తట్టుకుంటాయని చెబుతారు. ఆ శాతం బైట్లది, బొమ్మ వైశాల్యానిది కాదు. మన 54 అక్షరాలనే H స్థాయిలో రాస్తే 33 గడులు చాలవు, 41 గడుల కోడ్ కావాలి. స్టిక్కర్ సైజు మారకపోతే ప్రతి గడీ చిన్నదవుతుంది. రాత్రి బీచ్‌లో బల్బు వెలుతురులో, రెండు అడుగుల దూరం నుంచి, చెయ్యి కదులుతుండగా చిన్న గడులను విడదీసి చూడటం కెమెరాకు కష్టం. మధ్యలో బొమ్మ అచ్చువేసిన కోడ్‌ల విషయం కూడా ఆలోచించాలి. ఆ బొమ్మ కింద ఉన్న బైట్లు మొదటి రోజే చెడినట్టు లెక్క. వానకూ మరకలకూ ఉంచుకోవాల్సిన మోతాదులో కొంత అచ్చులోనే ఖర్చయిపోయింది.

దిద్దుబాటు ఏమాత్రం ఆపలేనిది ఒకటుంది. మీ కోడ్ మీద ఎవరైనా తమ కోడ్‌ను పూర్తిగా అంటించేస్తే ఫోన్‌కు అందులో తప్పేమీ కనిపించదు, ఎందుకంటే అది తనంతట తాను సంపూర్ణమైన కోడ్. దాన్ని పట్టుకోగలిగేది తెర మీద వచ్చే పేరు చదివే మనిషే. పిన్నికి కూడా అదే చెప్పాను, రోజూ బండి పెట్టగానే మొదటి గిరాకీ ఫోన్‌లో పేరు చూపించమని అడగమని.

ఈ వారం పని

కంప్యూటర్‌లో `qrencode` ఉంటే కింది ఆదేశం ఇవ్వండి. లేకపోతే స్థాయి ఎంచుకోనిచ్చే ఏ కోడ్ తయారీ సాధనమైనా సరే.

```
qrencode -8 -l M -s 12 -o kottu.png "upi://pay?pa=tiffinkottu@bank&pn=Tiffin%20Kottu&cu=INR"
```

తెల్ల అంచు కాకుండా కోడ్ 99 మిల్లీమీటర్లు వచ్చేలా ప్రింట్ తీయండి. అప్పుడు గడి సరిగ్గా 3 మిల్లీమీటర్లు. చెల్లింపు యాప్‌తో కాకుండా అక్షరాలను మాత్రమే చూపించే స్కానర్‌తో చదవండి. 72 మిల్లీమీటర్ల పొడవున తెల్ల కాగితం పట్టీలు మూడు కత్తిరించండి, వెడల్పులు 12, 18, 24 మిల్లీమీటర్లు. ఒక్కోదాన్ని కుడి అంచున, కింది మూల నుంచి పైకి పెట్టి చూడండి. తర్వాత వాటిని తీసేసి, 6 మిల్లీమీటర్ల నల్ల టేపు ముక్క ఒక్కటే ఎడమ కింది కంటి తెల్ల వలయం మీద అటూ ఇటూ జరుపుతూ వేర్వేరు ఫోన్లతో చదవండి. ఏ చోట ఏ ఫోన్ చదివిందో రాసుకోండి.

లెక్క ఒకటి. ఇదే వరుసను L స్థాయిలో రాస్తే కోడ్ 33 గడులదే అవుతుంది, కానీ గుంపు ఒక్కటే, సమాచారానికి 80, అదనానికి 20 బైట్లు. కుడివైపు నుంచి రెండేసి చొప్పున కప్పుకుంటూ పోతే ఎన్ని నిలువు వరుసల దాకా చదువుతుంది? కాగితం మీద తేల్చాకే పట్టీ కత్తిరించండి. ఐదో భాగంలో ఆ జవాబు చూసి, 4, 12, 10, 13లో తప్పు వెతికినట్టే నిజమైన బైట్లలో వెతకడం మొదలుపెడదాం. దానికి 255 దాటని ఆ అంకగణితంలో కూడిక, గుణకారం నేర్చుకోవాలి.